కలిసి కదిలే లక్షణాలు: గోదావరి మాటలతో ఫీచర్ జ్యామెట్రీ గీయడం ఎలా

లంక, కంచె, మండపేట, అంతర్వేది, అంబాజీపేట. ఐదు మాటల్లోనూ రాసేది ఒకే సున్నా. పలికేటప్పుడు మాత్రం ఐదు చోట్ల ఐదు ధ్వనులు. లంకలో నాలుక వెనుకభాగం పైకి లేస్తుంది, అంతర్వేదిలో నాలుక ముందుభాగం పళ్ళకు ఆనుతుంది, అంబాజీపేటలో పెదవులు మూసుకుంటాయి. ముక్కులోంచి గాలి పోవడం, గొంతు మోగడం ఐదింటికీ సమానమే. మారుతున్నది నోరు మూసుకునే చోటు. ఆ చోటును పక్కనున్న హల్లే నిర్ణయిస్తోంది.

ఫీచర్ జ్యామెట్రీ అనే సిద్ధాంతం నిలబడింది ఈ రకం సాక్ష్యం మీదే. ఒక ధ్వనిలోని లక్షణాలన్నీ ఒక సంచిలో కలగాపులగంగా పడి ఉండవు, చెట్టులా అమరి ఉంటాయి, ఒకే ధ్వనిమార్పులో ఎప్పుడూ కలిసి కదిలే లక్షణాలు ఒకే కణుపు కింద ఉంటాయి అని దాని వాదన. ఆ కణుపుకే నోడ్ అని పేరు. కోనసీమ వైపు వినిపించే మామూలు మాటలు తీసుకుని ఆ చెట్టును సొంతంగా గీసుకోవడం ఎలాగో, గీసింది సరైనదో కాదో ఎలా తేల్చుకోవాలో చూద్దాం.

మొదటి అడుగు: మారే మాటను పట్టుకోవడం

పైన చెప్పిన ఐదు మాటలు చూడ్డానికి బాగుంటాయి గానీ రుజువుగా అంత గట్టివి కావు. లంకలో సున్నా ఎప్పుడూ క ముందే ఉంటుంది. అది ఇంకోలా ఉండి ఇలా మారిందని చెప్పడానికి ఆధారం లేదు. అదే మాట వేర్వేరు హల్లుల పక్కకు వచ్చినప్పుడు వేర్వేరుగా పలికితేనే మార్పు జరిగిందని అనగలం. అందుకు తెలుగులో అన్నిటికన్నా సులువైనది మాట చివరి సున్నా. ‘అన్నం’ తీసుకోండి. ఇలాంటి వాక్యాలు పలికించండి:

అన్నం అయిపోయింది.
అన్నం పెట్టండి.
అన్నం తిన్నారా?
అన్నం టిఫిన్ క్యారేజీలో సర్దండి.
అన్నం చేశారా?
అన్నం కలపండి.

మొదటి వాక్యంలో అచ్చు ముందు స్పష్టంగా మకారం వినిపిస్తుంది. అది అసలు రూపం. ‘అన్నము’ అన్న పాత రూపంలో ఉన్నదీ అదే. ‘పెట్టండి’ ముందూ పెదవులే కాబట్టి అక్కడ తేడా తెలియదు. మిగతా వాటిలో, మాట వేగంగా దొర్లినప్పుడు, ఆ మకారం పక్క హల్లు చోటుకు జరుగుతుంది. ‘కలపండి’ ముందు లంకలోని ధ్వని, ‘తిన్నారా’ ముందు అంతర్వేదిలోని ధ్వని వస్తాయి.

వేగం ముఖ్యం. ఒక్కో మాటా విడదీసి చదివిస్తే ‘అన్నం. కలపండి’ అని మకారం చెక్కుచెదరకుండా వస్తుంది. కాగితం ఇచ్చి చదివించడం కన్నా అరుగు మీద కూర్చుని మాటల్లో పెట్టి అనిపించడమే మేలు. ఒక పెద్దావిడ చేత ఇలా పదే పదే అనిపిస్తుంటే ఆవిడ నవ్వి, ‘ఏంటి బాబూ, ఇందాకణ్ణించి అన్నం అన్నం అని ఒకటే మాట చెప్పిత్తన్నావు, ఆకలేత్తందా?’ అంది. ఆవిడ మాటలోని ‘త్త’ దగ్గరికి చివర్లో వద్దాం.

మకారం జరిగిందో లేదో చెవితో తేల్చడం కష్టం. కంటితో తేలిక. ‘అన్నం కలపండి’ అంటున్నప్పుడు పెదవులు చూడండి, ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా నడిపితే ఇంకా మంచిది. పెదవులు కలిస్తే మకారం ఉన్నట్టు. అస్సలు కలవకపోతే జరిగిపోయినట్టు. కొందరిలో పెదవులు దగ్గరకొచ్చి పూర్తిగా మూసుకోవు. అలాంటివి పక్కన రాసిపెట్టుకోండి గానీ ఏదో ఒక వైపు లెక్కలో వేసేయకండి. గీతలతో గీసే చెట్టు ‘జరిగింది’, ‘జరగలేదు’ అనే రెండు మాటలే చెప్పగలదు. సగం జరగడాన్ని చూపడం దాని వల్ల కాదు.

ఇక్కడ తెలుగువాళ్ళం తేలిగ్గా జారిపడే చోటు ఒకటుంది. చ అక్షరం ఒకటే అయినా మనం పలికేది రెండు రకాలు. ‘చేశారా’, ‘మంచి’లలో అది తాలవ్యం. ‘చల్లారింది’, ‘మంచం’లలో దంత్యానికి దగ్గర. కాబట్టి ‘అన్నం చేశారా’లో ఒక నాసిక్యం, ‘అన్నం చల్లారింది’లో ఇంకోటి వస్తాయి. అక్షరం చూసి రెండూ ఒకటేనని రాసుకుంటే పట్టిక పాడవుతుంది. ధ్వనిమార్పు లిపిని చూడదు.

రెండో అడుగు: ఏం మారింది, ఏం మిగిలింది

ప్రతి వాక్యానికీ రెండు వరసలు రాయండి. ఒకటి మారిన లక్షణాలకు, రెండోది మారని లక్షణాలకు. చాలామంది మొదటి వరసతోనే ఆపేస్తారు. అసలు సంగతి రెండో వరసలోనే ఉంటుంది.

‘అన్నం కలపండి’లో మకారం తన పెదవి స్థానం వదులుకుని క స్థానం తీసుకుంది. మరి క దగ్గర ఇంకేం ఉన్నాయి? క పరుషం, అంటే గొంతు మోగదు. క నోటి ధ్వని, ముక్కులోంచి గాలి పోదు. ఈ రెండూ మకారానికి అంటలేదు. నాసిక్యం నాసిక్యంగానే ఉంది, మోగుతూనే ఉంది.

‘టిఫిన్ క్యారేజీ’ వాక్యం దగ్గర ఇంకాస్త ఆగాలి. త, ట, తాలవ్య చ మూడూ నాలుక ముందుభాగంతో పలికేవే. వీటిని విడదీయడానికి ఇంకో రెండు చిన్న లక్షణాలు కావాలి. నాలుక తాకేది పళ్ళ వైపా, వెనక్కా అన్నది ఒకటి. వెడల్పుగా ఆనుతుందా, కొన మాత్రమే తగులుతుందా అన్నది రెండోది. త పళ్ళ వైపు, వెడల్పుగా. ట వెనక్కి, కొనతో. తాలవ్య చ వెనక్కి, వెడల్పుగా. ట ముందు వచ్చే నాసిక్యం ట లాగే వెనక్కీ వెళ్తుంది, కొనతోనూ పలుకుతుంది. వెనక్కి వెళ్ళడం మాత్రం తీసుకుని, కొనకు బదులు వెడల్పుగా ఆనితే అది చ ముందటి నాసిక్యం అయిపోవాలి. ‘టిఫిన్’ ముందు ఎవరూ అలా పలకరు. స్థానానికి చెందిన పెద్ద లక్షణం, దాని కింద ఉన్న చిన్న లక్షణాలు మొత్తంగా కదిలాయి. గెల నరికితే కాయలన్నీ ఒకేసారి కిందికి వచ్చినట్టు.

మూడో అడుగు: చెట్టు లేకుండా రాసి చూడటం

1968లో చామ్స్కీ, హాలే అనే భాషాశాస్త్రవేత్తలు పెట్టిన పద్ధతిలో ధ్వని అంటే ప్లస్, మైనస్ గుర్తులున్న లక్షణాల జాబితా. ఏ లక్షణమూ ఇంకో లక్షణానికి దగ్గరా కాదు, దూరమూ కాదు. ఆ పద్ధతిలో మన సున్నా సూత్రం రాయాలంటే నాలుక ముందుభాగం విలువ పక్కదానితో సరిపోవాలి, పళ్ళ వైపా అన్నదాని విలువ సరిపోవాలి, వెడల్పు విలువ సరిపోవాలి, నాలుక వెనుకభాగం విలువ సరిపోవాలి అంటూ ఒక్కోటీ పేర్కొనాలి. ఇలా నాలుగైదు షరతులు అవుతాయి.

ఇప్పుడు ఎక్కడా కనిపించని ఒక సూత్రం ఊహించండి. నాసిక్యం పక్క హల్లు నుంచి వెడల్పు విలువా, గొంతు మోగడం విలువా మాత్రమే తీసుకుంటుంది, మిగతావి తీసుకోదు. జాబితా పద్ధతిలో దీనికి రెండు షరతులు చాలు. అంటే భాషల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే సూత్రం రాయడానికి పొడవు, అర్థంపర్థం లేని సూత్రం పొట్టి. రాసే పద్ధతే తలకిందులుగా ఉంది. ఫీచర్ జ్యామెట్రీ పుట్టుకకు అసలు కారణం ఈ ఇబ్బందే. 1976లో గోల్డ్‌స్మిత్ స్వరస్థాయి లాంటి లక్షణాలను విడి వరుసల మీద పెట్టి గీతలతో కలిపి చూపాడు. 1985లో క్లెమెంట్స్ ఆ గీతల్ని లక్షణాలన్నిటికీ వర్తింపజేసి, వాటిని నోడ్ల కింద గుంపులు కట్టాడు. మరుసటి ఏడాది ఎలిజబెత్ సేగీ తన పరిశోధన గ్రంథంలో స్థాన నోడ్ కింద పెదవులు, నాలుక ముందుభాగం, నాలుక వెనుకభాగం అని కదిలే అవయవాలనే కొమ్మలుగా పెట్టింది.

నాలుగో అడుగు: చెట్టు గీయడం

మనకు అవసరమైనంత వరకు చెట్టు ఇది. మూల నోడ్ అంటే మొత్తం ధ్వని, నాదం అంటే గొంతు మోగడం:

```
మూల నోడ్
├── కంఠ నోడ్
│   ├── నాదం
│   └── మహాప్రాణం
├── నాసిక్యం
├── గాలి ఆగకపోవడం
└── స్థాన నోడ్
    ├── పెదవులు
    ├── నాలుక ముందుభాగం
    │   ├── పళ్ళ వైపు
    │   └── వెడల్పు
    └── నాలుక వెనుకభాగం
```

‘అన్నం కలపండి’ని దీని మీద చూపడానికి రెండే పనులు. మకారపు మూల నోడ్ నుంచి దాని స్థాన నోడ్‌కు ఉన్న గీతను కొట్టేయండి. క స్థాన నోడ్ నుంచి మకారపు మూల నోడ్‌కు కొత్త గీత గీయండి. ఇప్పుడు ఒకే స్థాన నోడ్‌ను రెండు ధ్వనులు పంచుకుంటున్నాయి. ప్రసరణ అంటే ఇదే. త, ట, చ, ప ఏది వచ్చినా గీయాల్సిన గీత ఒక్కటే, సూత్రంలో మాట మార్చనక్కర్లేదు. మూడో అడుగులో ఊహించిన వింత సూత్రానికి రెండు గీతలు, అవీ రెండు వేర్వేరు కొమ్మల నుంచి కావాలి. ఒక సూత్రం ఒకే గీత గీస్తుంది అని నియమం పెట్టుకుంటే అలాంటిది పుట్టదు.

ఐదో అడుగు: ఎదురు దిశలో పరీక్ష

ఒక్క ఉదాహరణతో నోడ్ పెట్టేస్తే అది ఆ ఉదాహరణకు ఇంకో పేరు మాత్రమే. స్థానం విడి నోడ్ అయితే, స్థానం ఒక వైపు వెళ్తూ వేరే లక్షణం ఎదురు వైపు వెళ్ళే మాట కూడా భాషలో ఉండే వీలుండాలి. తెలుగులో అది అందరి నోళ్ళలోనూ ఉంది: మూణ్ణాళ్ళ ముచ్చట.

మూడు, నాళ్ళు. మధ్య ఉకారం పోతే డ, న పక్కపక్కన పడతాయి. డ నాలుక కొన వెనక్కి వంగి పలికేది, నోటి ధ్వని. న పళ్ళ దగ్గర పలికేది, నాసిక్యం. గొంతు రెండింటికీ మోగుతుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. ఫలితం ‘ణ్ణ’. అందులో మొదటిది డ స్థానంలోనే ఉంది గానీ నాసిక్యమైంది. రెండోది నాసిక్యంగానే ఉంది గానీ డ స్థానానికి వెళ్ళింది. నాసిక్యం కుడి నుంచి ఎడమకు, స్థానం ఎడమ నుంచి కుడికి. ఒకే జంట మధ్య రెండు గీతలు ఎదురెదురుగా పోయాయి. కాబట్టి ఇవి ఒకదాని వెనక ఒకటి జరిగే రెండు సూత్రాలని లెక్క.

మొత్తం ధ్వని, అంటే మూల నోడ్, ప్రసరించి ఉంటే ఏమయ్యేదో కూడా రాసి చూడాలి. న మొత్తంగా ఎడమకు పోతే ‘మూన్నాళ్ళు’. డ మొత్తంగా కుడికి పోతే ‘మూడ్డాళ్ళు’. రెండోది ఎవరూ అనరు. మొదటిది అనేవాళ్ళు ఉన్నారు, రాసేవాళ్ళూ ఉన్నారు. ఇది సిద్ధాంతానికి దెబ్బ కాదు. ఒకరి నోట నాసిక్యం ఒక్కటే ఎడమకు పోయింది, ఇంకొకరి నోట మూల నోడే పోయింది. అయితే తొందరపడకండి. అలా అనే మనిషి వీణలోని ణ, వానలోని న తేడా లేకుండా పలికేవారైతే వారి ‘మూన్నాళ్ళు’ ఏమీ రుజువు చేయదు. వారి నోట ‘ణ్ణ’ ఎలాగూ ‘న్న’ అవుతుంది. ముందు ‘వీణ’, ‘వాన’ అనిపించి, తర్వాతే ఈ మాట అడగాలి.

ఇదే నడక ‘గుళ్ళో’, ‘బళ్ళో’లలో కూడా ఉంది. గుడి, లో కలిసినప్పుడు డ స్థానం కుడికి వెళ్ళి ల ను ళ చేసింది. నాలుక పక్కల నుంచి గాలి పోవడం అనే ల లక్షణం ఎడమకు వచ్చి డ ను ళ చేసింది. ఈ పార్శ్విక లక్షణాన్ని చెట్టులో ఎక్కడ పెట్టాలన్నది పాత తగువు. నాలుక ముందుభాగం కిందే ఉండాలని కొందరు, మూల నోడ్‌కే తగిలించాలని కొందరు. నా మటుకు గుళ్ళో రెండో వారి వైపే మొగ్గుతోంది. స్థానమంతా కుడికి పోతుంటే, అందులోని ఒక లక్షణం మాత్రం ఎడమకు ఎలా వస్తుంది?

కంఠ నోడ్ విషయానికి బడిలో చదివిన సరళాదేశ సంధి చాలు. పూచెన్, కలువలు కలిస్తే పూచెంగలువలు. నకారం క నుంచి స్థానం తీసుకుంది. క నకారం నుంచి నాదం తీసుకుని గ అయింది. ఇక్కడా రెండు కొమ్మలు, ఎదురు దిశలు.

తప్పుదారి పట్టించే మాటలు

‘పులి’, ‘పులులు’ చూపించి అచ్చుల్లోనూ ఇలాంటి నోడ్ ఉందని చెప్పాలనిపిస్తుంది. ఇకారం ఉకారమైంది, అంటే నాలుక వెనక్కి పోవడం, పెదవులు గుండ్రమవడం రెండూ కలిసి కదిలాయి. ఈ రెండింటినీ ఒకే నోడ్ కింద పెట్టాలని ఆడెన్ 1991లో వాదించాడు కూడా. కానీ తెలుగు మాట ఆ వాదనకు సాక్ష్యం కాదు. తెలుగులో పెదవులు గుండ్రం చేసి నాలుక ముందుంచి పలికే ఇకారం లేదు, పెదవులు చదునుగా ఉంచి నాలుక వెనక్కి లాగే ఉకారమూ లేదు. ఒకటి మారితే రెండోది తప్పనిసరిగా మారుతుంది. వాటిని కట్టిపడేసింది నోడా, అచ్చుల పట్టికలోని ఖాళీయా అన్నది ఈ మాటతో తేలదు. రెండు లక్షణాలు విడివిడిగా ఉండగలిగే భాషలోనే ఆ ప్రశ్న అడగాలి. టర్కిష్ అలాంటిది. అక్కడ నాలుక వెనుకతనం దాదాపు అన్ని ప్రత్యయాలకూ వ్యాపిస్తే, పెదవుల గుండ్రం నాలుక ఎత్తుగా ఉండే అచ్చులకే వ్యాపిస్తుంది. ఒకే నోడ్ కింద ఉన్నవైతే ఒకటి వెళ్ళి ఇంకోటి ఎందుకు ఆగింది? పాడ్జెట్ లాంటి వాళ్ళు నోడ్లను వదిలి, లక్షణాలకు గుంపు పేర్లుంటే చాలు అనడానికి ఇలాంటి సగం ప్రసరణలే కారణం.

‘ఊళ్ళో’, ‘నీళ్ళు’, ‘కళ్ళు’ను గుళ్ళో పక్కన చేర్చకండి. చూడ్డానికి ఒకటే ఫలితం. కానీ ఊరులోని ర, కన్నులోని న మనం పలికేటప్పుడు నాలుక వెనక్కి వంగదు. మరి ళ కు ఆ స్థానం ఎక్కడి నుంచి వచ్చింది? ఇచ్చే ధ్వని లేని చోట ప్రసరణ గీత గీయకూడదు. వీటిని భాషాచరిత్రకు వదిలి, ఆ మాటలకే చెందిన మార్పుగా రాసుకోవాలి.

‘అన్నం సరిపోయిందా’ కూడా పట్టికలో పెట్టండి. అక్కడ పెదవులు మూసుకుంటాయి, మకారం జరగదు. ‘సంసారం’, ‘సంవత్సరం’లోనూ అంతే. క, చ, ట, త, ప పలికేటప్పుడు నోరు పూర్తిగా మూసుకుంటుంది, నాసిక్యానికీ అదే కావాలి. స స్థానం గాలి జారిపోయే సన్నని సందు. ఆ స్థానాన్ని తీసుకుంటే నాసిక్యం కూడా నోరు మూయడం మానుకోవాల్సి వస్తుంది. కాబట్టి సూత్రంలో ‘స్పర్శాల ముందు మాత్రమే’ అని ఒక షరతు ఉండాలి.

ఆఖరి అడుగు: ‘త్త’ పరీక్ష

ఇప్పుడు ‘ఆకలేత్తందా’. వస్తాను ‘వత్తాను’ అవడం, చేస్తున్నాను ‘చేత్తన్నాను’ అవడం గోదావరి జిల్లాల మాటకు గుర్తు. స పోయి త రెండింతలైంది. చూడగానే ‘త మూల నోడ్ మొత్తం ఎడమకు ప్రసరించింది’ అని రాసేయబుద్ధవుతుంది. కానీ రెండో అడుగులోలాగా వరసలు రాసి చూడండి. స కూ త కూ గొంతు మోగదు. రెండూ నాలుక ముందుభాగంతో పళ్ళ వైపు పలికేవే. కంటికి కనిపించే పెద్ద తేడా ఒక్కటే, స కు గాలి ఆగదు, త కు ఆగుతుంది. కాబట్టి ఆ ఒక్క లక్షణం ప్రసరించినా ఫలితం దాదాపు ఇదే. ‘ఇష్టం’ను ‘ఇట్టం’ అన్నా సందేహం తీరదు, ష కూడా ట పక్కనే పలుకుతుంది.

రెండింటినీ విడదీయాలంటే స పక్కన వేరే స్థానపు హల్లు ఉండాలి. ‘రాసుకో’, ‘తీసుకో’ వేగంగా అంటే ఉకారం పోయి స, క పక్కపక్కన వస్తాయి. ‘వత్తాను’ అనే మనిషినే పట్టుకుని ఈ మాటలు అనిపించండి. క్క వినిపిస్తే మూల నోడ్ మొత్తంగా కదులుతోందని. స ఉన్న చోటే స్పర్శంగా మారి ‘రాత్కో’ లాంటిది వినిపిస్తే ఒక్క లక్షణమే కదులుతోందని. స చెక్కుచెదరకపోతే ఆ సూత్రం స్థానాలు కలిసిన జంటలకే పరిమితమని రాసుకుని, వత్తాను దగ్గర రెండు గీతల్లో ఏదో ఒకటి ఎంచుకోకుండా రెంటినీ పక్కపక్కనే ఉంచాలి.